తెరపట్టు నుంచి పేజీపట్టుకు

కంప్యూటర్‌లో కనిపించిన దాన్ని ఎవరికైనా పంపాలంటే మానిటర్ ముందు ఫోను పట్టుకుని ఫొటో తీసేవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఆఫీసులో ఒకరిద్దరు కనిపిస్తారు. ఫొటోలో ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది, తెర మీద లేని వంకర చారలు వస్తాయి, మూలన వేలు కూడా పడుతుంది. కాస్త తెలిసినవాళ్ళు ప్రింట్ స్క్రీన్ మీట నొక్కుతారు. అప్పుడు బొమ్మ శుభ్రంగానే వస్తుంది కానీ కింద గడియారం, పైన తెరిచి ఉన్న పది ట్యాబులు, పక్కన ప్రకటనలు అన్నీ కలిసి వస్తాయి. కావలసిన పట్టిక తెర కంటే పొడవుగా ఉంటే సగమే వస్తుంది. మిగతా సగానికి కిందికి జరిపి మళ్ళీ తీయాలి, రెండు ముక్కల్నీ అతికించాలి.

ఈ తిప్పలేవీ లేకుండా ఫైర్‌ఫాక్స్‌లోనూ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోనూ లోపలే ఒక సాధనం ఉంది. వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించనక్కర్లేదు. రెండింటిలోనూ మీటలు ఒకటే: `Ctrl+Shift+S`. మ్యాక్‌లో అయితే Ctrl బదులు Command.

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు స్క్రీన్‌షాట్‌ను తెరపట్టు అంటారు. మంచి మాట. అయితే ఈ బ్రౌజర్ సాధనం చేసే పనికి ఆ మాట పూర్తిగా సరిపోదు. ప్రింట్ స్క్రీన్ తెరను పడుతుంది, ఇది పేజీని పడుతుంది. ఆ తేడా తెలిస్తే ఈ సాధనం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చాలావరకు ముందే ఊహించవచ్చు.

ప్రింట్ స్క్రీన్‌కు, విండోస్‌లోని స్నిప్పింగ్ టూల్‌కు తెర మీద వెలిగే రంగు చుక్కలు తప్ప ఇంకేమీ తెలియదు. అందులో ఏది శీర్షిక, ఏది పట్టిక, ఏది ప్రకటన అన్న వివేచన వాటికి లేదు. బ్రౌజర్ సంగతి వేరు. పేజీని కట్టింది అదే. ప్రతి పేరానూ ప్రతి బొమ్మనూ ప్రతి పట్టికనూ ఒక్కో పెట్టెగా లెక్కగట్టి, ఏది ఎక్కడ కూర్చోవాలో అదే నిర్ణయించింది. తెర కింద దాగి మన కంటికి ఇంకా రాని భాగం కూడా దాని లెక్కలో ఉంటుంది. కాబట్టి ‘ఈ పట్టిక మాత్రమే ఇవ్వు’ అంటే ఇవ్వగలదు.

తెలుగు వికీపీడియాలో గోదావరి నది వ్యాసాన్నే తీసుకుందాం. అలాంటి వ్యాసాలకు పక్కన నది పొడవు, పుట్టిన చోటు, పటం వంటి వివరాలతో ఒక నిలువు పట్టిక ఉంటుంది. బడిలో పాఠానికి ఒక ఉపాధ్యాయురాలికి ఆ పట్టిక ఒక్కటే కావాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేజీ తెరిచి `Ctrl+Shift+S` నొక్కితే పేజీ కాస్త మసకబారుతుంది, పైన కుడివైపు `Save full page`, `Save visible` అనే రెండు బొత్తాలు వస్తాయి. వాటి జోలికి వెళ్ళకుండా మౌసును పేజీ మీద ఊరికే కదిపితే చాలు. బాణం గుర్తు ఏ పెట్టె మీద ఉంటే ఆ పెట్టె చుట్టూ గీత వెలుగుతుంది. పేరా మీద ఉంటే పేరా, బొమ్మ మీద ఉంటే బొమ్మ. పట్టిక మీదికి వచ్చి క్లిక్ చేస్తే గీత అక్కడ నిలిచిపోతుంది, కింద `Copy`, `Download` బొత్తాలు కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది ఒక చిన్న చిక్కులో పడతారు. పట్టిక మొత్తం కావాలనుకుంటే అందులోని ఒక గడి మాత్రమే వెలుగుతుంది. కారణం పైన చెప్పిందే: పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. పట్టిక ఒక పెట్టె, అందులో వరుస ఒకటి, వరుసలో గడి ఒకటి. బాణాన్ని మెల్లగా పట్టిక అంచు దగ్గరికి జరిపితే చిన్న పెట్టె వదిలి పెద్ద పెట్టె పట్టుబడుతుంది. అప్పటికీ లొంగకపోతే ఒక మూల నుంచి ఎదుటి మూలకు మౌసు నొక్కిపట్టి లాగడమే. లాగుతూ తెర అంచుకు వస్తే పేజీ తానే కిందికి జరుగుతుంది కాబట్టి పొడవు పట్టికలకు కూడా ఇబ్బంది లేదు. వదిలాక గీత అంచుల్ని పట్టుకుని సరిచేసుకోవచ్చు. వద్దనుకుంటే Esc.

`Download` నొక్కితే బొమ్మ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. ఫైలు పేరులో తేదీ, సమయం, పేజీ శీర్షిక ఉంటాయి. నెల తర్వాత వెతుక్కునేటప్పుడు ఈ పేరు ఎంత మేలు చేస్తుందో ఒకసారి వెతుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది. `Copy` నొక్కితే ఫైలేమీ తయారవదు. నేరుగా వర్డ్‌లోనో మెయిల్‌లోనో `Ctrl+V` కొట్టి అతికించుకోవచ్చు.

ఎడ్జ్ దారి కొంచెం వేరు. అదే మీటలు నొక్కితే పైన చిన్న పట్టీ వస్తుంది, అందులో `Capture area`, `Capture full page` అని రెండు ఎంపికలు. మెనూలో దీని పేరు ఇప్పుడు `Screenshot`. పాత వెర్షన్లలో `Web capture` అని ఉండేది. ఎడ్జ్ పెట్టెల్ని తానుగా వెలిగించి చూపదు, ఎంతమేర కావాలో మనమే లాగి చూపాలి. దానికి బదులు ఎడ్జ్‌లో ఉండి ఫైర్‌ఫాక్స్‌లో లేనిది కలం. తీసిన బొమ్మ మీద అక్కడే గీతలు గీయవచ్చు, చుట్టవచ్చు, రాయవచ్చు. ‘ఈ బొత్తాం నొక్కండి’ అని ఊళ్ళో ఉన్న నాన్నగారికి ఎర్ర సున్నా చుట్టి పంపాలంటే ఎడ్జ్‌దే పైచేయి.

ఈ కలం ముచ్చట మైక్రోసాఫ్ట్‌కు పాతదే. 2015లో విండోస్ 10తో వచ్చిన మొదటి ఎడ్జ్‌లో పేజీ మీద నేరుగా రాసుకునే వెబ్ నోట్ అనే సదుపాయం ఉండేది. 2020 జనవరిలో గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీద ఎడ్జ్‌ను మళ్ళీ కట్టినప్పుడు అది పోయింది. తర్వాత ఈ పట్టే సాధనం వచ్చి చేరింది.

రెండింటికీ మధ్య పైకి కనిపించని తేడా ఇంకొకటి ఉంది, తెలుగు చదివేవాళ్ళకు అది ముఖ్యం. ఫైర్‌ఫాక్స్ బొమ్మను పీఎన్‌జీగా దాస్తుంది. ఎడ్జ్ దాచేది జేపెగ్‌గా. జేపెగ్‌ను తయారు చేసింది కెమెరా ఫొటోల కోసం. ఆకాశం, ముఖం, చెట్టు లాంటి మెత్తటి రంగుల్ని కుదించడంలో అది దిట్ట. నల్లటి అక్షరం తెల్లటి కాగితం మీద పదునుగా తెగే చోట మాత్రం తడబడి, అంచు చుట్టూ బూడిదరంగు మసక వదులుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది పెద్ద లెక్కలోనిది కాదు. తెలుగులో అక్షరం కింద వత్తు, పైన తలకట్టు, పక్కన సున్నా ఉంటాయి. చిన్న సైజులో ‘ప’కూ ‘ఫ’కూ, ‘ధ’కూ ‘థ’కూ తేడా చెప్పేది ఒకటి రెండు చుక్కలే. మసక వచ్చి పడేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఎడ్జ్‌లో తీసిన తెలుగు పట్టికను దాచడం కంటే కాపీ చేసి వర్డ్‌లోనో పెయింట్‌లోనో అతికించడం మేలు. పెయింట్ నుంచి పీఎన్‌జీగా దాచుకోవచ్చు.

ఇంత జాగ్రత్తగా తీసిన బొమ్మను చివరికి వాట్సాప్ నలిపేస్తుంది. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి జేపెగ్ చేస్తుంది. మామూలు బొమ్మలకు పరవాలేదు కానీ, పేజీ మొత్తాన్ని ఒకే నిలువు బొమ్మగా పంపినప్పుడు అసలు ముప్పు. పొడవు వైపు కుదించేసరికి వెడల్పు రిబ్బను ముక్కంత అవుతుంది, అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. అందుకునేవాళ్ళు ‘ఏమీ కనిపించట్లేదు, మళ్ళీ పంపు’ అంటారు, పంపినవాళ్ళు అదే మళ్ళీ పంపుతారు. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

అక్షరాలు ఇంకా స్ఫుటంగా కావాలంటే ఒక సులువు ఉంది. పట్టేముందు `Ctrl` పట్టుకుని `+` నొక్కి పేజీని 150 శాతానికి పెంచాలి. తీసిన తర్వాత బొమ్మను పెద్దది చేస్తే ఉన్న చుక్కలే సాగుతాయి. తీయకముందే పేజీని పెంచితే బ్రౌజర్ అక్షరాల్ని ఆ సైజులో కొత్తగా గీస్తుంది. అచ్చులో వాడే బొమ్మకు ఈ తేడా కాగితం మీద స్పష్టంగా తెలుస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లో దీనికి ఇంకా నికరమైన దారి ఉంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళ కోసం పెట్టిన కన్సోల్ అనే గది అది. `Ctrl+Shift+K` నొక్కితే తెరుచుకుంటుంది. గోదావరి పేజీలో పట్టిక కోసం అక్కడ ఒక్క వరుస టైపు చేయాలి:

```
:screenshot --selector ".infobox" --dpr 2
```

వికీపీడియా పేజీల్లో ఆ పక్క పట్టికకు లోపలి పేరు `infobox`. అందుకే ఆ పేరు ఇచ్చాం. చివరి `--dpr 2` అంటే బొమ్మను అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు చుక్కలతో గీయమని. మౌసుతో లాగనక్కర్లేదు, అంచు తప్పే బాధ లేదు. పాతిక నదుల పేజీల నుంచి పాతిక పట్టికలు ఒకే తీరుగా కావాలనుకునే వాళ్ళకు ఈ దారి నచ్చుతుంది. ఒక్క పట్టిక కోసమైతే ఇంత హంగామా అక్కర్లేదు. మౌసు ఆనితేనే తెరుచుకుని, తీస్తే మూసుకుపోయే మెనూల వంటివాటికి `--delay 5` అని చేర్చవచ్చు. ఆదేశం ఇచ్చాక అయిదు సెకన్లు ఆగి పడుతుంది, ఆలోగా మెనూ తెరిచి ఉంచుకోవచ్చు. ఎవరో పంపిన తెలియని ఆదేశాల్ని మాత్రం ఆ గదిలో అతికించకూడదు. మన లాగిన్‌లను కాజేసే మోసగాళ్ళు వాడే దారుల్లో అదీ ఒకటి.

ఇక ‘పేజీ మొత్తం’ అనే బొత్తాం. రెండు బ్రౌజర్లలోనూ ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది దీని మీదే. నిజానికి తప్పు చాలాసార్లు సాధనానిది కాదు, పేజీ కట్టిన తీరుది.

మొదటి ఫిర్యాదు: బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ గడులు. వార్తల సైట్లు, కొనుగోలు సైట్లు డేటా ఆదా కోసం బొమ్మల్ని ముందే తెచ్చిపెట్టవు. చదివేవాళ్ళు కిందికి జరుపుతూ దగ్గరికొస్తే అప్పుడు తెస్తాయి. మనం పైనే నిలబడి మొత్తం పట్టమంటే, ఇంకా రాని బొమ్మల్ని బ్రౌజర్ ఎక్కడి నుంచి తెస్తుంది? ముందు పేజీని ఒకసారి మెల్లగా చివరిదాకా జరపాలి. తర్వాత Home మీట నొక్కి మొదటికి వచ్చి అప్పుడు పట్టాలి. మొదటికి రావడం వల్ల ఇంకో లాభం, పైన అతుక్కుని ఉండే శీర్షిక పట్టీ బొమ్మ మధ్యలో వచ్చి పడే ముప్పు తగ్గుతుంది.

రెండోది ఇంకా చికాకు పెట్టేది. మొత్తం పేజీ అని నొక్కినా తెరమీద ఉన్నంతే వస్తుంది. వాట్సాప్ వెబ్‌లోనూ చాలా మెయిల్ సైట్లలోనూ ఇదే జరుగుతుంది. వీటిలో పేజీ అసలు తెరంతే ఉంటుంది. కిందికి జరిగేది పేజీ కాదు, దాని లోపలి ఒక కిటికీ. దీన్ని గుర్తుపట్టడం తేలిక. జరిపే పట్టీ బ్రౌజర్ కుడి అంచున పైనుంచి కిందిదాకా ఉంటే జరిగేది పేజీ. పట్టీ మధ్యలో ఎక్కడో మొదలై, చుట్టూ ఉన్నవి కదలకుండా లోపలిది మాత్రమే కదులుతుంటే అది లోపలి కిటికీ. అలాంటి చోట `Ctrl` `-` తో పేజీని 50 శాతానికి తగ్గిస్తే కిటికీలో ఎక్కువ వరుసలు పడతాయి. అదీ చాలకపోతే ముక్కలు ముక్కలుగా తీయడం తప్ప మార్గం లేదు.

మూడోది అరుదు. ఫైర్‌ఫాక్స్ ఒక బొమ్మను సుమారు 32,700 చుక్కల పొడవు దాటి తీయదు, అక్కడ కోసేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో అది దాదాపు యాభై తెరల పొడవు. వందల కామెంట్లున్న పేజీలకే ఈ హద్దు తగులుతుంది. తెర చుక్కలు దట్టంగా ఉన్న కొత్త ల్యాప్‌టాపుల్లో, లేదా పేజీని పెంచి పట్టినప్పుడు ఇంకా ముందే తగులుతుంది.

అసలు మొత్తం పేజీ పట్టాలనే ఉబలాటమే తగ్గించుకోవాలి. కావలసిన మేరకు మాత్రమే పట్టడంలో సౌకర్యంతో పాటు భద్రత కూడా ఉంది. 2023 మార్చిలో ఒక గుట్టు బయటపడింది. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో బొమ్మ తీసి, దాచి, తర్వాత అదే టూల్‌లో కత్తిరించి అదే ఫైలు మీద దాస్తే, కత్తిరించేసిన భాగం తాలూకు డేటా ఫైలు చివరన అలాగే మిగిలిపోయేది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని బొమ్మలు దిద్దే సాధనంలోనూ అదే లోపం. ఖాతా నంబరు కత్తిరించి పంపామనుకున్నవాళ్ళ బొమ్మల నుంచి తెలివైనవాడు ఆ నంబరును కొంతవరకు వెనక్కి లాగగలిగేవాడు. రెండు కంపెనీలూ ఆ లోపాన్ని సరిచేశాయి. కానీ మొదటి నుంచీ ఆ భాగాన్ని పట్టకపోతే దాచేదీ ఉండదు, లీకయ్యేదీ ఉండదు. ఎడ్జ్ కలంతో నంబరు కొట్టేసేవాళ్ళు కూడా ముదురు రంగుతో, మందంగా, అడుగున ఏమీ కనిపించకుండా రుద్దాలి. సన్నటి గీత కింద నుంచి అంకెలు తొంగిచూస్తుంటాయి.

ఇంత చిన్న పనికి బయటి ఎక్స్‌టెన్షన్ ఎందుకు వద్దంటున్నారో కూడా తెలుసుకోవాలి. స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు ‘మీరు చూసే అన్ని సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి’ అనుమతి అడుగుతాయి. అందులో బ్యాంకు పేజీ కూడా ఉంటుంది. ఈరోజు మంచివాడి చేతిలో ఉన్న ఎక్స్‌టెన్షన్ రేపు అమ్ముడుపోవచ్చు. వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్ అనే ప్రసిద్ధ ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది. అందులో హానికరమైన కోడ్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తీసేసింది. వాడుతున్నవాళ్ళకు ఆ అమ్మకం సంగతే తెలియదు.

బ్రౌజర్ సొంత సాధనం కూడా పుట్టుకతోనే పతివ్రతేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ 56తో 2017 సెప్టెంబరులో ఇది అందరికీ వచ్చినప్పుడు, అందులో `Save` నొక్కితే బొమ్మ మన కంప్యూటర్‌లో పడేది కాదు. మొజిల్లా సర్వర్‌కు ఎక్కేది, మామూలుగా 14 రోజులు అక్కడ ఉండేది. దాచు అంటే తమ దగ్గరే దాస్తుందని నమ్మినవాళ్ళు గొడవ చేశారు, ఆ కోపం న్యాయమైనదే. 2019లో ఆ సర్వర్ మూతపడింది. ఇప్పుడు బొమ్మ మన డిస్కుకో క్లిప్‌బోర్డుకో తప్ప ఎక్కడికీ పోదు.

పేజీని మాత్రమే పట్టడం వల్ల ఒక లోటు కూడా ఉంది. పేజీ చిరునామా బొమ్మలో రాదు, ఎందుకంటే చిరునామా పట్టీ బ్రౌజర్‌ది, పేజీది కాదు. వెబ్‌సైట్‌లో చూపిన ధర మారిపోయిందనో, నోటీసు మాయమైందనో తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే చిరునామా లేని బొమ్మకు బలం తక్కువ. అలాంటప్పుడు బొమ్మతో పాటు `Ctrl+P` నొక్కి పీడీఎఫ్‌గా కూడా దాచాలి. ప్రింట్ ఎంపికల్లో హెడర్లు, ఫుటర్ల గడికి టిక్ పెడితే పేజీ చిరునామా, తేదీ కాగితం అంచుల్లో పడతాయి. వీటితోనే కేసు గెలుస్తామనుకోకూడదు. పేజీలోని ఏ అంకెనైనా పట్టేముందు బ్రౌజర్‌లోనే మార్చి చూపడం కుర్రాళ్ళకు రెండు నిమిషాల పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కోరేది అందుకే.

చివరిగా నెట్ సెంటర్‌లో ఈ మీటలు నొక్కేవాళ్ళకు ఒక మాట. హాల్‌టికెట్టో ఆధార్ వివరాలున్న దరఖాస్తో పట్టి `Download` కొడితే, అది ఆ సెంటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, మీ తర్వాత కూర్చునే మనిషి కళ్ళెదుట ఉంటుంది. మీకు పంపుకున్నాక ఆ ఫైలు మీద `Shift+Delete` కొట్టండి, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. కాపీ చేసి ఉంటే లేచే ముందు వేరే ఏదో ఒక మాటను కాపీ చేయండి. ఆ తర్వాత `Windows+V` నొక్కి చూడండి, క్లిప్‌బోర్డు చరిత్రలో మీ బొమ్మ కనిపిస్తే అక్కడ కూడా తీసేసి లేవండి.